వ్యాపార ఈమెయిల్ – 6వ పాఠం: పరిచయం చేసే మెయిల్

గత పాఠంలో బాకీ గుర్తుచేసే మెయిల్ రాశాం. ఈసారి మనకు తెలిసిన ఇద్దరు వ్యాపారస్తులను ఒకరికొకరిని పరిచయం చేసే మెయిల్. అది పది లైన్ల పనే. కానీ దానికి ముందు ఇద్దరినీ విడివిడిగా అడగాలి, చాలామంది ఎగ్గొట్టేది అదే.

విజయనగరంలో లక్ష్మి గారికి స్వీట్ల షాపు ఉందనుకుందాం (పేర్లు, లెక్కలు పాఠం కోసం పెట్టుకున్నవే). కాజూ కట్లీకి జీడిపప్పును ఎలాగూ పొడి చేస్తారు కాబట్టి గుండు పప్పు కొనడం దండగ, ముక్క చాలు. “పలాసలో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ?” అని ఆవిడ మిమ్మల్ని అడిగారు. అక్కడ జీడిపప్పు పరిశ్రమ నడిపే రావు గారు మీకు తెలుసు.

వెంటనే ఆయన నంబరు వాట్సాప్‌లో పంపేయాలనిపిస్తుంది. ఆగండి. రావు గారు సరుకంతా ఒక బ్రోకర్ ద్వారానే అమ్ముతూ ఉండొచ్చు. నేరుగా అమ్మితే ఆ బ్రోకర్‌తో మాట పడాలి. లేదా ముక్కంతా ఇప్పటికే వేరేవాళ్లకు ఒప్పుకుని ఉండొచ్చు. ఇవేవీ మీకు తెలియవు. అడగకుండా ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టేస్తే, ఆవిడ చూస్తుండగా ఆయన కాదనలేరు. మొహమాటానికి సరే అంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు.

ముందు లక్ష్మి గారినే అడగండి: “ఆయనకు మీ గురించి ఏం చెప్పమంటారు?” నెలకు 60 కిలోలు కావాలన్న సంగతి చెప్పొచ్చన్నారు. ఇప్పుడు సరుకు ఇస్తున్న వ్యాపారి మీద ఆవిడకున్న కోపం, ఇప్పుడు కొంటున్న ధర మాత్రం మీ దగ్గరే ఉంచేయాలి. ధర బయటపడితే ఇక ఆవిడ బేరమాడేదేముంది?

తర్వాత రావు గారికి, ఒక్కరికే:

> రావు గారికి నమస్కారం. విజయనగరంలో స్వీట్ల షాపు నడిపే లక్ష్మి గారు నాకు తెలుసు. కాజూ కట్లీకి నెలకు సుమారు 60 కిలోల ముక్క కావాలంటున్నారు. మీకు వీలైతే మెయిల్‌లో పరిచయం చేస్తాను. మీ నంబరు ఆవిడకు ఇవ్వలేదు. ఇప్పుడు కుదరదంటే ఒక్క మాట రాయండి చాలు, ఎందుకని అడగను.

చివరి వాక్యం తీసేయకండి. కాదనడానికి దారి చూపించాకే ఆయన చెప్పే ‘సరే’కి విలువ. జవాబు రాకపోతే వారం తర్వాత ఒకసారి గుర్తుచేయండి, అంతే. కుదరదంటే లక్ష్మి గారికి “ప్రస్తుతానికి వీలుకాదన్నారండి” అని చెప్పండి. కారణం తెలిసినా దాన్ని చేరవేయడం మన పని కాదు.

రావు గారు సరేనన్నారు, నంబరు కూడా ఇవ్వమన్నారు. ఇప్పుడు అసలు మెయిల్, To లో ఇద్దరూ:

> విషయం: పరిచయం – లక్ష్మి గారు (స్వీట్లు, విజయనగరం), రావు గారు (జీడిపప్పు, పలాస)
>
> ఇద్దరికీ నమస్కారం. మీ ఇద్దరి అనుమతితోనే ఈ మెయిల్ రాస్తున్నాను.
>
> రావు గారూ, లక్ష్మి గారి షాపులో నేను చాలాకాలంగా స్వీట్లు కొంటున్నాను. వారికి నెలకు సుమారు 60 కిలోల ముక్క కావాలి.
>
> లక్ష్మి గారూ, రావు గారు నాకు మిత్రులు. వారి దగ్గర సరుకు నేను కొనలేదు, కాబట్టి ముందు శాంపిల్ తెప్పించుకుని చూడండి. వారి నంబరు కింద ఇచ్చాను. సాయంత్రం 5 తర్వాత ఫోన్ చేస్తే మంచిదన్నారు.
>
> ఇక మీరిద్దరూ మాట్లాడుకోండి.

“సరుకు నేను కొనలేదు” అన్న మాట రాయడానికి కొందరు జంకుతారు. అది లేకపోతే మీరు హామీ ఉన్నట్టే చదువుకుంటారు, రేపు ముక్కలో పురుగు కనిపిస్తే ఫోను మీకే వస్తుంది. ఎవరు ముందు మాట్లాడాలో చెప్పడం కూడా అంతే అవసరం. “మీరిద్దరూ మాట్లాడుకోండి” అని మాత్రమే రాస్తే, అవతలివాళ్లు చేస్తారులే అని ఇద్దరూ కూర్చుంటారు. ఇక్కడ అవసరం లక్ష్మి గారిది, కాబట్టి ఫోన్ కూడా ఆవిడే చేయాలి.

పరిచయం అందుకున్నవాళ్లకూ ఒక పద్ధతుంది. లక్ష్మి గారు అదే రోజు, మహా అయితే మర్నాడు జవాబివ్వాలి. అందులో రావు గారిని To లో ఉంచి, మిమ్మల్ని Bcc లోకి మార్చి, “పరిచయానికి థాంక్స్ అండీ, మిమ్మల్ని Bcc లో పెట్టాను” అని మొదటి లైన్‌లో రాస్తే చాలు. దాంతో ఆ ఒక్క జవాబు మీకు చేరుతుంది, వాళ్లు ఆ తర్వాత ఆడే బేరం మీ ఇన్‌బాక్స్‌కు రాదు. Bcc లో ఉన్న మీరు మాత్రం Reply all నొక్కకండి. మీ మాట ఇద్దరికీ వెళ్తుంది.

అభ్యాసం: పొందూరు ఖద్దరు నేసే ఒకాయన కొత్త కొనుగోలుదారుల కోసం చూస్తున్నారు. విజయనగరంలో బట్టల షాపు నడిపే ఒకావిడ మీకు తెలుసు, కానీ ఆవిడ మిమ్మల్ని ఏమీ అడగలేదు. షాపు ఆవిడకు వెళ్లే మొదటి మెయిల్ మాత్రం రాయండి, ఆరు వాక్యాలు దాటకుండా. నేతగారి నంబరు అందులో ఉండకూడదు.

వచ్చే పాఠం: ధర అడిగినవాళ్లకు కొటేషన్ పంపడం.