మన వీడియో, వాళ్ల క్లిప్ – 3వ పాఠం: రియాక్షన్ వీడియోలో ఏ ముక్క ఉండాలి, ఏది తీసేయాలి

గత పాఠంలో యూట్యూబ్‌లో వచ్చే కాపీరైట్ క్లెయిమ్‌కీ స్ట్రైక్‌కీ తేడా చూశాం. క్లెయిమ్ వస్తే సాధారణంగా ఆ వీడియో ఆదాయం హక్కుదారుకు పోతుంది. స్ట్రైక్ వస్తే వీడియోనే పోతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది. ఈ పాఠంలో అంతకంటే ముందు దశకు వెళ్దాం. ఎడిటింగ్ టేబుల్ మీద ఉన్నప్పుడే, ఇతరుల ముక్క వాడుకోవడానికి మన దగ్గర సరైన కారణం ఉందో లేదో తేల్చుకోవడం నేర్చుకుందాం.

ఒక అమెరికా కేసుతో మొదలుపెడదాం, రియాక్షన్ వీడియోల గురించి ఇంత సూటిగా మాట్లాడిన తీర్పు మరొకటి దొరకడం కష్టం. ఈథన్, హీలా క్లైన్ దంపతులు హెచ్‌త్రీహెచ్‌త్రీ అనే ఛానల్ నడిపేవాళ్లు. మాట్ హాస్ అనే యూట్యూబర్ తీసిన చిన్న హాస్య వీడియోను ఆటపట్టిస్తూ దాదాపు 14 నిమిషాల వీడియో పెట్టారు. హాస్ తీసిన అసలు వీడియో 5 నిమిషాల 24 సెకన్లు. అందులో 3 నిమిషాల 15 సెకన్లు వీళ్లు వాడేశారు, అంటే సుమారు 60 శాతం. హాస్ దావా వేశాడు. 2017 ఆగస్టులో న్యూయార్క్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జి కేథరిన్ ఫారెస్ట్ అది ఫెయిర్ యూజే అని, అంటే అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకమే అని తేల్చారు.

అరవై శాతం వాడి ఎలా గెలిచారు? వాళ్లు క్లిప్‌ను చిన్నచిన్న ముక్కలుగా ఆపుతూ, ప్రతి ముక్క తర్వాత నటన గురించి, మాటల గురించి, హీరోయిన్ పాత్రను చూపించిన తీరు గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ ముక్క కనిపించకపోతే ఆ విమర్శ ప్రేక్షకుడికి అర్థమే కాదు. పైగా హాస్ వీడియో చూసి సరదాపడాలనుకున్నవాడికి క్లైన్ల వీడియోతో ఆ పని జరగదు, ఎందుకంటే ఇందులో అసలుది సాఫీగా నడవనే నడవదు.

అదే తీర్పులో ఒక ఫుట్‌నోట్ ఉంది. చాలామంది తీర్పు ఫలితం చెప్పి, దాన్ని వదిలేస్తారు. రియాక్షన్ వీడియోలన్నీ ఫెయిర్ యూజ్ అని తాను చెప్పడం లేదనీ, కొన్నింటిలో వ్యాఖ్యానమే ఉండదనీ, అవి పదిమంది కలిసి కూర్చుని చూసినట్టే ఉంటాయనీ జడ్జి అందులో స్పష్టం చేశారు. మన దగ్గర వచ్చే ట్రైలర్ రియాక్షన్లలో చాలావరకు ఈ రెండో రకమే అని నా అభిప్రాయం.

ఇప్పుడు మన చట్టం. తెలుగు ఛానళ్ల డిస్క్రిప్షన్‌లో ‘1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107 ప్రకారం’ అని అంటించిన డిస్‌క్లైమర్ మీరు చూసే ఉంటారు. అది అమెరికా చట్టం. విజయవాడలో కూర్చుని హైదరాబాద్ నిర్మాతకు దాన్ని చూపిస్తే ఏం లాభం? మనకు వర్తించేది 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52. ఇక్కడ దాన్ని ఫెయిర్ డీలింగ్ అంటారు. అమెరికాలో ప్రయోజనాల జాబితా తెరిచి ఉంటుంది, కొత్త రకం వాడకాన్ని కూడా కోర్టు పరిశీలించవచ్చు. మన సెక్షన్ 52(1)(a)లో ఉన్నవి మాత్రం పరిమితం: పరిశోధనతో సహా సొంత వాడకం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల వార్తా కథనం. మన వీడియో వీటిలో ఒక దాంట్లో ఇమడాలి. ‘వినోదం’, ‘అభిమానం’ ఆ జాబితాలో లేవు.

అందుకే హీరో షాట్లకు బీజీఎం తగిలించి చేసే ఫ్యాన్ ఎడిట్ ఎంత అందంగా ఉన్నా, దాన్ని విమర్శ అని వాదించడం కష్టం. ప్రచారానికి పనికొస్తుంది కాబట్టి నిర్మాతలు చూసీచూడనట్టు ఉంటారు, అంతే. వాళ్లు ఊరుకోవడం మన హక్కు కాదు. పైగా సినిమా హక్కు ఒకరిది, పాట హక్కు ఆడియో కంపెనీది కావచ్చు. ఒకరు ఊరుకున్నా రెండోవారు ఊరుకోవాలని లేదు.

మన కోర్టులు విమర్శకు చోటివ్వవని కాదు. తోప్పిల్ భాసి ప్రసిద్ధ మలయాళ నాటకాన్ని విమర్శిస్తూ సివిక్ చంద్రన్ ఒక ప్రతినాటకం రాశారు. అసలు నాటకంలోని పాత్రలనూ సంభాషణలనూ అందులో వాడుకున్నారు. 1996లో కేరళ హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. కోర్టు చూసినవి మూడు: వ్యాఖ్యతో పోలిస్తే తీసుకున్నదాని మోతాదూ విలువా ఎంత, ఎందుకు తీసుకున్నారు, రెండూ ఒకదానితో ఒకటి పోటీపడే అవకాశం ఉందా.

ఈ మూడు ప్రశ్నలతో ఒక వీడియోను కోద్దాం. ఊహించుకోండి, ట్రైలర్ 2 నిమిషాల 20 సెకన్లు. మొదటి కూర్పులో ట్రైలర్ ఒక పక్క మొత్తం నడుస్తుంది, మూల మన ముఖం, మధ్యమధ్యలో ‘వామ్మో, గూస్‌బంప్స్!’, చివర నిమిషం కబుర్లు. దీన్ని చూసినవాడు అసలు ఛానల్‌కు వెళ్లాల్సిన పని లేదు. ట్రైలర్ ఉచితమే కదా అంటారు. ఉచితమైనా ఆ వ్యూస్ వాళ్లవి.

ఇప్పుడు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: ముక్క, ఎన్ని సెకన్లు, దాని మీద నేను చెప్పే మాట. ఫైట్ ఎడిటింగ్ గురించే మాట్లాడాలని నిర్ణయించుకున్నాం అనుకుందాం. దెబ్బ తగలకముందే షాట్ మారిపోయే చోటు 8 సెకన్లు. కెమెరా దిశ తప్పి ఎవరు ఎటున్నారో తెలియని చోటు 12 సెకన్లు. బాగా కుదిరిన ఒక కట్ 6 సెకన్లు. ఆ తర్వాత టైటిల్ పడే 14 సెకన్లు, బీజీఎంతో సహా. ఈ నాలుగో వరసలో మూడో గడి ఖాళీ. చెప్పడానికి ఏమీ లేదు, ఊపుగా ఉందని పెట్టాం. అదే తీసేయాల్సిన ముక్క. మిగిలింది 26 సెకన్లు, ప్రతిదానికీ ఒక మాట ఉంది. మాట మొదలవగానే క్లిప్ ఆపేయండి, వెనకాల నడుస్తూ ఉండనివ్వకండి.

‘మరి ఏడు సెకన్లలోపు వాడితే ఏం కాదట కదా?’ ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో వస్తుంది. ఏడు, పది, ముప్పై – ఏ సంఖ్యా చట్టంలో లేదు. అమెరికాలో మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ ఆత్మకథ అచ్చుకాకముందే, సుమారు 2 లక్షల పదాల రాతప్రతి నుంచి ఒక పత్రిక 300 పదాల్ని యథాతథంగా వేసుకుంది. 1985లో అక్కడి సుప్రీంకోర్టు అది ఫెయిర్ యూజ్ కాదంది. నిక్సన్‌కు క్షమాభిక్ష ఎందుకు పెట్టారన్న భాగమే ఆ పుస్తకానికి గుండెకాయ, వాళ్లు తీసుకున్నది సరిగ్గా దాన్నే. సినిమా క్లైమాక్స్ ట్విస్ట్ పది సెకన్లే ఉండొచ్చు. అమెరికా తీర్పు మన కోర్టులను కట్టడి చేయకపోయినా, తీసుకున్నదాని విలువను కేరళ హైకోర్టు కూడా లెక్కలోకి తీసుకుంది.

క్రెడిట్ ఇవ్వడం మర్యాదే, అనుమతి కాదు. మానిటైజేషన్ ఆపేసినంత మాత్రాన ఉల్లంఘన మాయమవదు. బొమ్మను అద్దంలోలా తిప్పడం, గొంతు పిచ్ మార్చడం అయితే మరీ ఘోరం. కాపీ ముక్కల్ని పట్టుకునే యూట్యూబ్ యంత్రం కంటెంట్ ఐడీ కళ్లుగప్పడానికి చేసిన పని అని చూడగానే తెలిసిపోతుంది, రేపు విమర్శ అని వాదించుకునే దారి కూడా మనమే మూసుకున్నట్టవుతుంది.

కాగితం సరిగ్గా నింపినా కంటెంట్ ఐడీ క్లెయిమ్ రావచ్చు. ఆ యంత్రం బొమ్మనూ శబ్దాన్నీ పోల్చి చూస్తుంది తప్ప, మీరు ఎందుకు వాడారో దానికి తెలియదు. అప్పుడు డిస్ప్యూట్ పెట్టెలో రాయాల్సింది మీ మూడో గడిలోని మాటలే, కాబట్టి ఆ కాగితం దాచుకోండి. డిస్ప్యూట్ ఎలా రాయాలో వచ్చే పాఠంలో చూద్దాం. దానికి ముందు, మీరు ఇదివరకు పెట్టిన ఒక రియాక్షన్ వీడియో తీసుకుని గళ్లు నింపండి, మూడో గడి ఖాళీగా మిగిలిన వరసల సెకన్లన్నీ కూడి పక్కన రాసుకుని రండి.