పాత పుస్తకం తిరిగొస్తే: దెబ్బ తీరును బట్టి కారణం, పరిష్కారం

ఆన్‌లైన్‌లో అమ్మిన పాత పుస్తకం పాడైందంటూ తిరిగి వచ్చినప్పుడు చాలామంది విక్రేతలు నేరుగా కొరియరు వారినే తప్పుపడతారు. కొనుగోలుదారు పంపిన ఫొటోలను నిదానంగా పరిశీలిస్తే, ఆ నష్టంలో కొంత ప్యాకింగు బల్ల మీద, కొంత వివరణ రాసేటప్పుడు, మరికొంత అసలు పుస్తకాన్ని తూకానికి కొన్న రోజునే మొదలైందని తెలుస్తుంది. అందువల్ల ప్యాకింగు సామగ్రిపై ఖర్చు పెంచే ముందు, దెబ్బ ఏ రకమైనదో గుర్తించడం అవసరం.

సమస్య: అట్ట మూలలు నలిగి, అంచులు లోపలికి ముడుచుకుపోయాయి

పొట్లం లోపల పుస్తకం కదిలిందనడానికి ఇది గుర్తు. పొట్లం కింద పడినప్పుడు పుస్తకం తన బరువుతో ఒక మూలకు జారి, ఆ దెబ్బనంతా ఆ మూల మీదే తీసుకుంటుంది. బబుల్ ర్యాప్ ఎన్ని చుట్లు చుట్టినా ఈ దెబ్బ పూర్తిగా ఆగదు. అది చదునైన భాగాన్ని కాపాడినంతగా మొనదేలిన మూలను కాపాడలేదు.

ముందుగా పుస్తకాన్ని పల్చని పాలిథిన్ కవరులో పెట్టి మూయాలి. ఆ తర్వాత పాత అట్టపెట్టెల నుంచి, పుస్తకం కంటే నాలుగు వైపులా ఒక్కో సెంటీమీటరు పెద్దవిగా ఉండేలా రెండు అట్టముక్కలు కోసి, పుస్తకాన్ని వాటి మధ్య ఉంచి, రెండు దిశల్లోనూ టేపు బిగించాలి. బయటికి పొడుచుకు వచ్చిన ఆ సెంటీమీటరే దెబ్బను ముందుగా తీసుకుని నలుగుతుంది. టేపు అట్టముక్కలకే అంటుకోవాలి తప్ప పుస్తకం కవరును తాకకూడదు, ఎందుకంటే విప్పేటప్పుడు కొనుగోలుదారు వాడే కత్తి టేపు వెంబడే నడుస్తుంది. దీనిపైన బబుల్ ర్యాప్ ఒక చుట్టు, ఆపైన గట్టి కవరు సరిపోతాయి. పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపినప్పుడు లోపల కదలిక వినిపిస్తే మళ్ళీ విప్పి బిగించాలి.

నాలుగైదు పుస్తకాలు కలిపి పంపేటప్పుడు పెద్దవి అడుగున, చిన్నవి పైన ఉంచి, వెన్నులు ఒకదాని తర్వాత ఒకటి ఎదురుబొదురుగా వచ్చేలా పేర్చాలి. రబ్బరు బ్యాండ్లు అట్ట అంచులను కోస్తాయి, వేసవిలో మెత్తబడి అంటుకుపోతాయి కూడా. అవసరానికి మించి పెద్ద పెట్టె వాడటం మరో పొరపాటు. లోపల ఖాళీ పెరగడమే కాక, చాలా కొరియరు సంస్థలు సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తుల లబ్ధాన్ని 5000తో భాగించి, ఆ వచ్చిన కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే రుసుము తీసుకుంటాయి.

సమస్య: పుటలు వెన్ను నుంచి ఊడిపోయాయి

ఇది దారిలో జరిగినట్టే కనిపిస్తుంది గాని, సాధారణంగా కారణం బైండింగులోనే ఉంటుంది. దారంతో కుట్టకుండా గమ్ముతో మాత్రమే అంటించిన పుస్తకాలలో ఆ గమ్ము ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి పెళుసుబారుతుంది. అటువంటి పుస్తకం అటక మీద కదలకుండా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కొన్నవారు మొదటిసారి పూర్తిగా తెరవగానే నడుమ చీలిపోతుంది.

కొనే చోటనే దీన్ని పట్టుకోవచ్చు. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పుస్తకాలు ఏరుకునేటప్పుడైనా సరే, వెన్ను పైకొసను ఒకసారి చూడాలి. కుట్టిన పుస్తకంలో కాగితాలు మడతలు మడతలుగా, చిన్న చిన్న కట్టలుగా కనిపిస్తాయి. అంటించిన దానిలో అంతా ఒకే కోతగా ఉంటుంది. రెండో రకమైతే నడిమి పుటల దగ్గర మెల్లగా తెరవాలి. పటుక్కున చిన్న చప్పుడు వచ్చినా, వెన్ను లోపల ఎండిన గమ్ము గీతలా కనిపించినా, దాన్ని వదిలేయడం మేలు. అరుదైన పుస్తకమైతే "బైండింగు బలహీనంగా ఉంది, పూర్తిగా తెరిస్తే పుటలు విడిపోవచ్చు" అని వివరణలో మొదటి వాక్యంగానే రాసి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మాలి.

సమస్య: పుటలు అలలుగా వంగాయి, ముక్కవాసన వస్తోంది

పొట్లం పైకవరు కూడా తడిసి ఉంటే నీరు దారిలో చేరినట్టు. పైకవరు పొడిగా ఉండి లోపల పుస్తకం మాత్రమే చెమ్మగా ఉంటే, ఆ చెమ్మ మీ గదిలోదే. వానాకాలంలో కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని అలాగే పాలిథిన్‌లో మూసి పంపితే ప్రయాణంలోనే బూజు పట్టవచ్చు. ప్యాకింగుకు ముందు రెండు రోజుల పాటు పుటలు కాస్త విప్పారేలా నిలబెట్టి, ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే అట్ట వంకరపోతుంది, పాత కాగితం మరింత పసుపెక్కుతుంది. గోడకు ఆనించిన అరల్లో నిల్వ చేయకపోవడమూ దీనిలో భాగమే. బూజు మచ్చలున్న పుస్తకాన్ని మిగతావాటితో కలిపి ఉంచకూడదు.

సమస్య: రాసిన వివరణకూ వచ్చిన పుస్తకానికీ పొంతన లేదు

ఇక్కడ లెక్క ఒకటి చూడాలి. 20 కిలోల పుస్తకాలను కిలో రూ. 50 చొప్పున రూ. 1,000కి కొన్నారనుకుందాం. సగటున 400 గ్రాముల లెక్కన 50 పుస్తకాలు వస్తాయి కాబట్టి ఒక్కోటి రూ. 20 పడిందని అనిపిస్తుంది. అయితే చిరిగినవీ పుటలు పోయినవీ 20 తీసేస్తే మిగిలేవి 30, కనుక అసలు ధర దాదాపు రూ. 33. ప్యాకింగుకు రూ. 15 కలిపితే రూ. 48. ముద్రిత ధర రూ. 250 ఉన్న పుస్తకాన్ని, తపాలా ఖర్చు విడిగా తీసుకుంటూ, కొత్తదానిలా ఉంటే రూ. 125కు, వాడినా శుభ్రంగా ఉంటే రూ. 100కు, అండర్‌లైన్లూ పేర్లూ ఉంటే రూ. 75కు పెట్టారనుకోండి.

గీతలున్న ప్రతి మీద మిగిలేది రూ. 27. దాన్నే "శుభ్రంగా ఉంది" అని రాసి రూ. 100కు అమ్మితే అదనంగా వచ్చేది రూ. 25 మాత్రమే. అది తిరిగి వస్తే రానూపోనూ రూ. 60 చొప్పున తపాలా, వృథా అయిన ప్యాకింగు కలిపి రూ. 135 పోతుంది. అలా అమ్మిన ఆరింటిలో ఒక్కటి వెనక్కి వచ్చినా మిగతా ఐదింటి మీద వచ్చిన అదనమంతా పోయి, ఇంకో పది రూపాయలు నష్టం. సందేహం కలిగితే ఒక మెట్టు కింది స్థితినే రాయడం కేవలం నిజాయితీకి సంబంధించినది కాదు, లాభానికి సంబంధించినది కూడా.

స్థితిని నిర్ణయించే ముందు పుటల సంఖ్యలను ఒకసారి వరుసగా తిప్పి చూడాలి. అద్దె లైబ్రరీల నుంచి వచ్చిన నవలల్లో చివరి పుటలు లేకపోవడం కొత్తేమీ కాదు. ముందు అట్ట ఒక్కటే ఫొటో తీసి ఊరుకోకుండా, వెన్ను, అంచులు, గీతలు ఎక్కువున్న ఒక పుట, లైబ్రరీ ముద్ర కూడా చూపాలి. "మంచి స్థితి" అనే మాట కంటే "12వ పుట నుంచి 40వ పుట వరకు పెన్సిలు గీతలున్నాయి" అనే వాక్యం వివాదాన్ని ముందే తుంచేస్తుంది.

సమస్య: పుస్తకం బాగానే ఉంది, అయినా వద్దన్నారు

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది తరచు జరుగుతుంది. సిలబస్ మారిన తర్వాత పాత ముద్రణ ఎంత కొత్తగా ఉన్నా తూకానికే పోతుంది కాబట్టి, ముద్రణ సంవత్సరాన్ని శీర్షికలోనే రాయాలి. రెండో కారణం దొంగ ముద్రణ. కాగితం పల్చగా, బూడిదరంగులో ఉండి, అక్షరాలు అలుక్కుపోయి, అట్ట మీది బొమ్మ మసకగా ఉంటే అనుమానించాలి. అటువంటి ప్రతిని అమ్మడం 1957 నాటి కాపీరైటు చట్టం కింద ఉల్లంఘన అవుతుంది. "నకలు ప్రతి" అని వివరణలో ఒప్పుకున్నా అది చట్టబద్ధం కాదు, కనుక కట్టలో వచ్చినా పక్కకు తీసేసి, ఆ నష్టాన్ని మిగిలిన పుస్తకాల కొనుగోలు ధరలో కలుపుకోవాలి.