ఫ్లష్ కొడితే నహానీ ట్రాప్ గుడగుడమంటోందా? ముందు డాబా ఎక్కి చూడండి

కమోడ్ ఫ్లష్ కొట్టగానే బాత్రూమ్ మూలనున్న నహానీ ట్రాప్‌లోంచి గుడగుడమని చప్పుడు వస్తుంది. జాలీ కింద నీళ్ళు ఎగిరిపడతాయి. పది నిమిషాలకు సెప్టిక్ ట్యాంకు వాసన మొదలవుతుంది. నీళ్ళు మాత్రం ఎక్కడా ఆగవు, ఫ్లష్ కూడా బాగానే పోతుంది. ఇలాంటప్పుడు చాలా ఇళ్ళలో చేసే మొదటి పని యాసిడ్ పోయడం, రెండోది ప్లంబర్‌ని పిలిచి స్ప్రింగు తిప్పించడం. చాలాసార్లు ఈ రెండూ వృథా ఖర్చే. ఎందుకంటే అక్కడ పైపులో అడ్డం ఏమీ లేదు, గాలికి దారి లేదు.

నిండుగా నీళ్ళున్న సీసాను ఒక్కసారిగా బోర్లించి చూడండి. నీళ్ళు ధారగా పడవు, గుడగుడమంటూ ఆగి ఆగి పడతాయి. పోయిన నీళ్ళ జాగాలోకి గాలి రావాలి, దానికి ఉన్నది ఆ మూతి ఒక్కటే. మన మురుగు పైపూ అంతే. ఫ్లష్ నీళ్ళు నిలువు పైపులో దిగిపోతూ తమ వెనక ఉన్న గాలిని లాక్కెళతాయి. పైన పైపు ఆకాశానికి తెరిచి ఉంటే ఆ గాలి పైనుంచి వస్తుంది. పైన మూసి ఉంటే దగ్గర్లో ఉన్న నహానీ ట్రాప్‌లోంచి, అందులోని నీళ్ళను చీల్చుకుని వస్తుంది. మనకు వినిపించే చప్పుడు అదే.

ఆ ట్రాప్‌లో నిలిచే నీళ్ళ లోతు సుమారు 2 అంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు. ఇంటికీ మురుగు గాలికీ మధ్య ఉన్న అడ్డుగోడ అదొక్కటే. దాన్ని లాగేయడానికి పెద్ద బలం అక్కర్లేదు. మామూలు గాలి పీడనంలో రెండు వందల్లో ఒక వంతు తేడా వస్తే చాలు. అందుకే చప్పుడు వెనకే వాసన వస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: గాలి లేకనా, అడ్డం పడా?

దీనికి ఒక చీపురుపుల్ల చాలు. నహానీ ట్రాప్ జాలీ తీయండి. బొద్దింకలు రాకుండా పెట్టే కప్పు లోపల ఉంటే అదీ తీయండి. ఒక బకెట్ నీళ్ళు పోసి, పారడం ఆగాక పుల్లను నిటారుగా అడుగుదాకా దించి, ఎంతవరకు తడిసిందో గోటితో గుర్తు పెట్టండి. తర్వాత ఫ్లష్ ట్యాంకు నిండనిస్తూ మూడుసార్లు ఫ్లష్ కొట్టండి. పుల్ల మళ్ళీ దించండి.

నీటి మట్టం బాగా తగ్గిందంటే పైపు గాలి కోసం లాగుతోంది, అంటే లోపం వెంట్‌లో, పైన గాలికి తెరిచి ఉంచే పైపులో ఉంది. మట్టం తగ్గకుండా, ఫ్లష్ కొట్టినప్పుడు నీళ్ళు పైకి పొంగి నెమ్మదిగా దిగుతున్నాయంటే కింద ఎక్కడో అడ్డం ఉంది, లేదా సెప్టిక్ ట్యాంకు నిండి లోపలికొచ్చే పైపు నోరు మునిగిపోయింది. అలా పొంగుతుంటే వెంట్ జోలికి పోకుండా ముందు బయట చాంబర్ మూత తీసి చూడండి. చాంబర్‌లో నీళ్ళు నిలిచి ఉంటే సమస్య అక్కడి నుంచి ట్యాంకు దాకా ఉన్నట్టే. మూత తీసినప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల, అగరుబత్తి ఏదీ వెలిగించకండి. అక్కడ మీథేన్ ఉంటుంది.

మా బాబాయి ఇంట్లో జరిగింది

ఖమ్మంలో మా బాబాయిది కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను ఉన్న ఇల్లు. తొమ్మిదేళ్ళు ఏ చప్పుడూ లేదు. పోయిన వేసవిలో డాబా మీద ఒక గది, దాని ముందు రేకుల షెడ్డు వేయించారు. నెల తిరక్కుండా మొదటి అంతస్తు బాత్రూమ్‌లో గుడగుడ మొదలైంది. యాసిడ్ పోశారు, స్ప్రింగు తిప్పించారు, తగ్గలేదు. పుల్లతో చూస్తే 2 అంగుళాల నీళ్ళు మూడు ఫ్లష్‌ల తర్వాత అర అంగుళానికి వచ్చాయి.

డాబా ఎక్కి చూశాను. వెనక గోడ వెంట వచ్చిన 110 మిల్లీమీటర్ల పైపు, అదే మనం నాలుగంగుళాల పైపు అనేది, రేకుల కిందే ఆగిపోయి ఉంది. దాని నెత్తిన ఎండ్ క్యాప్.

"ఇదెవరు మూశారు బాబాయ్?"

"కొత్త గదిలోకి కంపొస్తోందంటే మేస్త్రీయే మూసేశాడ్రా. అది ఊరికే ఉన్న పైపు అన్నాడు."

వాసన రావడం నిజమే. కిటికీకి నాలుగడుగుల దూరంలో, కిటికీ ఎత్తులోనే పైపు నోరు ఉంటే రాకుండా ఎలా ఉంటుంది? దానికి మందు పైపును ఎత్తడం, మూయడం కాదు. ఈ పొరపాటు నేను చాలా ఇళ్ళలో చూశాను. అంతస్తు పెంచినప్పుడు మొదట బలయ్యేది ఆ పైపే.

క్యాప్ కోసే ముందు అనుమానం నిజమో కాదో చూడాలి. నిలువు పైపు మీద బాత్రూమ్ పైపు కలిసే చోటికి పైన డోర్ టీ అనే మూతున్న జాయింటు ఉంటే, దాని మూత మరలు వదులు చేసి తెరవండి. ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. కలిసే చోటికి కింద ఉన్న డోర్ మాత్రం తెరవకండి, మురుగు మీద పడుతుంది. ఇప్పుడు ఇంకొకరిని ఫ్లష్ కొట్టమనండి. బాబాయి ఇంట్లో డోర్ తెరిచి కొట్టగానే లోపల గుడగుడ లేదు. డోర్ దగ్గర పట్టుకున్న పేపర్ ముక్క పైపులోకి లాక్కుపోబోయింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

బాగుచేయడానికి పట్టింది ఒక పూట. క్యాప్ కోసి, కప్లర్ వేసి, రెండు 45 డిగ్రీల బెండ్లతో రేకుల అంచు దాటించి, అదే సైజు పైపును పైకి తీసుకెళ్ళాం. మనుషులు తిరిగే డాబా మీద పైపు నోరు కనీసం 2 మీటర్ల ఎత్తున, దగ్గర్లోని కిటికీ పైఅంచు కన్నా పైన ఉండాలి. నెత్తిన కౌల్, అంటే గాలి ఆడే చిల్లుల మూత, పెట్టి దోమల వల కట్టాం. వల కట్టకపోతే సెప్టిక్ ట్యాంకులో పుట్టిన దోమలన్నీ ఆ దారినే బయటికొస్తాయి. అయితే ఏడాదికోసారి దాన్ని విప్పి దులపాలి, దుమ్ము పట్టిన వల కూడా ఎండ్ క్యాప్‌తో సమానమే. డాబా వాన నీళ్ళ పైపును దీంట్లో కలపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జోరువానలో పైపంతా నీళ్ళే ఉంటే గాలి ఎక్కడిది?

వెంట్ పెట్టినా చిన్న చప్పుడు మిగిలితే: వాటం చూడండి

ఆ సాయంత్రం పుల్ల పెడితే 2 అంగుళాలకు ఒకటిన్నర నిలిచింది. వాసన పోయింది. కానీ ఫ్లష్ చివర్లో ఒక గుటక లాంటి చప్పుడు ఇంకా ఉంది. దానికి కారణం బాత్రూమ్ నుంచి వెనక గోడ వెంట నిలువు పైపు దాకా పోయే 12 అడుగుల అడ్డ పైపు.

అడ్డ పైపులో నీళ్ళు కింద సగంలో పోవాలి, పైసగంలో గాలి ఆడాలి. వాటం చాలకపోతే నీళ్ళు వెనక్కి తన్ని పైపు నిండా అవుతాయి, అప్పుడు డాబా మీద ఎంత పెద్ద వెంట్ ఉన్నా ఆ గాలి బాత్రూమ్ దాకా చేరదు. నాలుగంగుళాల పైపుకి ప్రతి నాలుగడుగులకు ఒక అంగుళం దింపు మంచి లెక్క. అంటే 12 అడుగులకు 3 అంగుళాలు. మేస్త్రీ లెవెల్ ట్యూబుతో రెండు చివరలూ కొలిస్తే ఇక్కడ దింపు ఒక్క అంగుళమే ఉంది. పైగా క్లాంపులు ఆరడుగులకొకటి కొట్టారు, మధ్యలో పైపు బొజ్జలా జారింది. వేలి కణుపుతో తడుతూ వెళితే రెండు చివరలా బోలుగా, మధ్యలో మందంగా శబ్దం వచ్చింది. మందంగా మోగిన చోట నీళ్ళు నిలిచి ఉన్నాయి.

బాత్రూమ్ వైపు పైపు ఎత్తడానికి వీల్లేదు, స్లాబ్ అడ్డం. అందుకని నిలువు పైపు మీద కలిసే చోటును 2 అంగుళాలు కిందికి దించాం. అక్కడున్న టీ తీసేసి వై ఆకారపు జాయింటు వేశాం, నీళ్ళు పక్కకు గుద్దుకోకుండా కిందికే జారేలా. క్లాంపులు మూడడుగులకొకటి చేశాం. ఆ తర్వాత గుటక చప్పుడూ పోయింది.

వాష్ బేసిన్ ఒక్కటే గళగళమంటే

ఇది వేరే జబ్బు, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. బేసిన్ నీళ్ళు బాగా పోతాయి, చివర్లో మాత్రం పెద్ద గుటక వేసి ట్రాప్‌లో నీళ్ళన్నీ పట్టుకుపోతాయి. ఇక్కడ సాధారణంగా వాటం తక్కువ కాదు, ఎక్కువ. "ఎంత వాలు పెడితే అంత మంచిది సార్" అని చెప్పేవాళ్ళున్నారు. ట్రాప్ తర్వాతి పైపుకి అది నిజం కాదు.

బేసిన్ నుంచి నేరుగా నిలువు పైపుకి పోయే 32 మిల్లీమీటర్ల, అంటే అంగుళం పావు పైపు అనుకుందాం. పొడవు 5 అడుగులు. అడుగుకి పావు అంగుళం చొప్పున దింపితే చివర ఒకటింపావు అంగుళం కిందికి వస్తుంది. అంటే సరిగ్గా పైపు వ్యాసమంత. ట్రాప్ నుంచి గాలి దొరికే చోటు దాకా మొత్తం దింపు దానికి మించకూడదు. ఎనిమిది అంగుళాలు దింపారనుకోండి, ఆ చివర పైపు నెత్తి కూడా ట్రాప్‌లోని నీటి మట్టానికి బాగా కిందికి పోతుంది, పైపు నిండా నీళ్ళు పారి సైఫన్ పట్టేస్తుంది. డ్రమ్ములోంచి ట్యూబుతో నీళ్ళు లాగినట్టే. మందు సులువే. ట్రాప్ దాటగానే పైపును 50 మిల్లీమీటర్లకు పెంచి, మెల్లని వాటంతో నిలువు పైపు దాకా తీసుకెళ్ళి, అక్కడ కలపాలి.

డాబా దాకా పైపు వేసే వీలే లేకపోతే

అపార్ట్‌మెంట్‌లో పైవాళ్ళు ఒప్పుకోకపోతే గాలిని లోపలికి మాత్రమే లాగే వాల్వ్ దొరుకుతుంది. ఫ్లష్ లాగినప్పుడు తెరుచుకుంటుంది, తర్వాత మూసుకుంటుంది. బేసిన్ గుటకకి బాగానే పనిచేస్తుంది. కానీ గ్యాస్‌ని బయటికి పంపలేదు. నిలువు పైపు అడుగున గాలి కూరుకుపోయి కింది ఇంటి ట్రాప్‌లో నీళ్ళు పైకి చిమ్ముతుంటే అది పనికిరాదు. బిల్డింగ్ మొత్తానికి ఒక తెరిచిన వెంట్ ఉండాల్సిందే. ఆ వాల్వ్‌ని గోడలో పెట్టి ప్లాస్టరింగ్ కూడా చేయకండి, రబ్బరు బిగుసుకుపోయిన రోజు మార్చాల్సి వస్తుంది.

పైపు సంకన్ స్లాబ్‌లో, అంటే బాత్రూమ్ కింద పల్లంగా వేసిన స్లాబ్‌లో, పూడి ఉంటే

వాటం కంటికి కనిపించదు, టైల్స్ పగలగొట్టే ముందు ఇది చేయండి. బయట నిలువు పైపు మీద, బాత్రూమ్ పైపు కలిసే ఎత్తులోనే ఉన్న డోర్ తెరిచి, ఒకరిని పక్కనుంచి చూడమనండి. లోపల నహానీ ట్రాప్‌లో పసుపు కలిపిన ఒక బకెట్ నీళ్ళు ఒక్కసారిగా పోయండి. పచ్చ నీళ్ళు ఉరవడిగా వచ్చి, అంతే చటుక్కున ఆగితే వాటం బాగుంది, టైల్స్ ముట్టుకోకండి. మొదట మామూలు నీళ్ళు చాలాసేపు వచ్చి, తర్వాత పచ్చవి నెమ్మదిగా కారుతూ ఎంతకీ ఆగకపోతే లోపల పైపు జారి నీళ్ళు నిలుస్తున్నాయి. అప్పుడు మాత్రం పగలగొట్టక తప్పదు.