డిమాండ్ రేఖ మీద కదలికా, రేఖే జరిగిందా? రేటు, అమ్మకం కలిపి చూడండి

ఏ రేటుకి ఎంత కొంటారో చూపేది డిమాండ్ రేఖ, ఎకనామిక్స్‌లో చాలామంది తడబడేది ఇక్కడే. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, రోజూ కిలో కొనేవాళ్ళు పావుకిలోతో సరిపెట్టుకుని పప్పులో చింతపండు వేసుకున్నారు గుర్తుందా, అక్కడ టమాటా మీద ఇష్టమేం తగ్గలేదు, పంట తక్కువొచ్చి రేటు పెరిగింది కాబట్టి కొనడం తగ్గించారు, అంటే పాత డిమాండ్ రేఖ మీదే పైకి జరిగారు అంతే. దీన్ని "డిమాండ్ తగ్గింది" అని రాయకండి, తగ్గింది డిమాండ్ పరిమాణం, అంటే ఆ రేటుకి కొనే మొత్తం.

ఇప్పుడు కార్తీకమాసంలో చికెన్ చూడండి. చాలా ఇళ్ళల్లో నెలంతా నీచు ముట్టరు, దాంతో రేటు తగ్గుతుంది, అయినా అమ్మకం పెరగదు సరికదా ఇంకా పడిపోతుంది. పాత రేటే ఉన్నా తక్కువే కొనేవాళ్ళు, అందుకే రేఖ మొత్తం ఎడమకి జరిగినట్టు. ఆదాయం, అలవాటు, వేరే సరుకుల రేట్లు మారినా ఇంతే.

నేను చూసే గుర్తు: రేటు, అమ్మకం ఎదురెదురుగా పోతే రేఖ మీద కదలిక, రెండూ ఒకే వైపు పోతే రేఖే జరిగింది. సప్లైతో పాటు ఆదాయమో అలవాటో కూడా అప్పుడే మారితే మాత్రం మొదటి గుర్తుని గుడ్డిగా నమ్మకండి, అప్పుడు రెండూ కలిసి ఉండొచ్చు.