పట్టిక చదివి రాయడం – 4వ పాఠం: ‘వల్ల’ ఎక్కడి నుంచి వచ్చింది?

గత పాఠంలో పట్టిక తలకట్టు, అడుగున ఉండే గమనికలు చదవడం నేర్చుకున్నాం. ఈసారి రెండు సర్వేల అంకెలు పక్కపక్కన పెట్టి, వచ్చిన మార్పును వాక్యంగా రాద్దాం. అంకెలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ ఫ్యాక్ట్‌షీట్‌లోవి.

| శాతం | 2015-16 | 2019-20 |
|---|---|---|
| ఆసుపత్రి కాన్పులు | 91.5 | 97.0 |
| ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పులు | 30.5 | 49.7 |
| మొత్తం కాన్పుల్లో సిజేరియన్లు | 57.7 | 60.7 |
| ప్రైవేటు కాన్పుల్లో సిజేరియన్లు | 74.5 | 81.5 |
| ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల్లో సిజేరియన్లు | 40.3 | 44.5 |

మొదటి వాక్యం ఎప్పుడూ పొడిగానే ఉండాలి: ‘తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 57.7 శాతం నుంచి 60.7 శాతానికి చేరాయి.’ పెరిగింది 3 శాతం పాయింట్లు. దీన్నే ‘3 శాతం పెరిగాయి’ అని రాస్తే తప్పు, ఎందుకంటే 57.7 మీద 3 అంటే 5 శాతానికి పైనే.

ఇప్పుడు కింది వరుసలు చూడండి. ప్రైవేటులో 7 పాయింట్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 4.2 పాయింట్లు పెరిగాయి. రెండు చోట్లా పెరుగుదల 4 దాటినా మొత్తం మీద 3 మాత్రమే ఎలా వచ్చింది? చాలామంది ఇక్కడే అచ్చుతప్పేమోనని అనుమానపడతారు. లెక్క వేసి చూడండి. ఆసుపత్రి కాన్పుల్లోంచి ప్రభుత్వ వాటా తీసేస్తే మిగిలేది ప్రైవేటు: మొదటి సర్వేలో 61.0, రెండో సర్వేలో 47.3.

```
0.305 × 40.3 + 0.610 × 74.5 ≈ 57.7
0.497 × 44.5 + 0.473 × 81.5 ≈ 60.7
```

అంకెలు చక్కగా సరిపోయాయి. సిజేరియన్లు తక్కువగా జరిగే ప్రభుత్వ ఆసుపత్రుల వైపు కాన్పులు మళ్లాయి కాబట్టి మొత్తం సగటు అంతగా పెరగలేదు. ఈ వాక్యంలో ‘కాబట్టి’ ఉన్నా భయం లేదు. అది కూడికలోంచి వచ్చింది, పట్టికలోనే రుజువవుతుంది.

కాన్పులు ప్రభుత్వ ఆసుపత్రులకు ఎందుకు మళ్లాయన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆగాలి. తెలుగులో కారణం ఎప్పుడూ ‘వల్ల’, ‘కారణంగా’ అంటూ ముఖం చూపించి రాదు, ఒక్కోసారి ‘-డంతో’ అనే చిన్న ప్రత్యయంలో దూరి వస్తుంది. ‘కేసీఆర్ కిట్ పథకం రావడంతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు పెరిగాయి’ అనే వాక్యం వార్తలా సాఫీగా ఉంటుంది. కానీ ఫ్యాక్ట్‌షీట్‌లో ఆ పథకం పేరే లేదు. పైగా ఈ వరుసల పైనున్న శీర్షికలో ‘సర్వేకు ముందు 5 సంవత్సరాల్లో’ అని ఉంటుంది. తెలంగాణలో సర్వే జరిగింది 2019లో, పథకం మొదలైంది 2017 జూన్‌లో. అంటే 49.7 శాతంలో పథకం రాకముందు జరిగిన కాన్పులూ చాలానే ఉన్నాయి. పథకం ప్రభావం లేదని కాదు. ఈ పట్టిక ఆ మాట చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు.

‘ప్రజల్లో నమ్మకం పెరిగింది’, ‘ముహూర్తాల మోజు’, ‘ప్రైవేటు ఆసుపత్రుల డబ్బు యావ’ లాంటివి ఇంకా ప్రమాదకరం. అవి కారణాల్లా కాక, చూసి చెప్పిన సంగతుల్లా కనిపిస్తాయి. రాసింది ఒకసారి చదువుకుంటూ ప్రతి ‘-డంతో’, ‘-డం వల్ల’, ‘ఫలితంగా’, ‘దాంతో’ కింద గీత గీయండి. ప్రతి గీత దగ్గరా ఇది ఏ వరుసలో ఉందని అడగండి. వరుస చూపించగలిగితే ఉంచండి. చూపించలేకపోతే వాక్యాన్ని రెండుగా విరిచి కారణం ఉన్న ముక్క తీసేయండి. ఆ కారణం వేరే నివేదికలో నిజంగానే ఉంటే, ఆ నివేదిక పేరు చెప్పి విడి వాక్యంగా రాయండి.

మరో పొరపాటు గడుల వల్ల జరుగుతుంది. ఫ్యాక్ట్‌షీట్‌లో కొత్త సర్వేకు పట్టణం, గ్రామం, మొత్తం అని మూడు గడులుంటాయి. పాత సర్వేకు ‘మొత్తం’ ఒక్కటే. గ్రామీణ అంకెను పాత మొత్తంతో పోల్చి ‘పల్లెల్లో పెరిగింది’ అని రాసేవాళ్లున్నారు. పాత గ్రామీణ అంకె దొరికేదాకా పల్లెల ధోరణి గురించి ఒక్క మాటా రాయకూడదు.

అభ్యాసం: దేశం మొత్తానికి ఇవే వరుసలు ఇస్తున్నాం. 2015-16 నుంచి 2019-21కి ఆసుపత్రి కాన్పులు 78.9 నుంచి 88.6కి, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పులు 52.1 నుంచి 61.9కి, సిజేరియన్లు 17.2 నుంచి 21.5కి చేరాయి. ప్రైవేటు కాన్పుల్లో సిజేరియన్లు 40.9 నుంచి 47.4కి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 11.9 నుంచి 14.3కి పెరిగాయి. ముందు ప్రైవేటు వాటా ఎంత మారిందో తేల్చండి. తర్వాత తెలంగాణ గురించి రాసిన ‘కాబట్టి’ వాక్యం దేశానికి కూడా రాయవచ్చో లేదో చూసి, నాలుగు వాక్యాలకు మించకుండా రాయండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.