పండుగ సేల్‌కు ఆన్‌లైన్ దుకాణం, 4వ పాఠం: ఆఖరి జంపఖానా ఇద్దరికి అమ్ముడుపోకుండా

గత పాఠంలో చాలామంది ఒకే చోట తడబడ్డారు. లోడ్ టెస్ట్‌ను హోమ్‌పేజీ మీద నడిపి, 500 మందిని తట్టుకుందని రాసుకున్నారు. ఆ లెక్క కొట్టేయండి. హోమ్‌పేజీ క్యాష్ నుంచి, అంటే ముందే దాచి ఉంచిన నకలు నుంచి వచ్చేస్తుంది, డేటాబేస్ దాకా పనే పోదు. కార్ట్, చెకౌట్ ఒక్కొక్కరికి వేరు కాబట్టి క్యాష్‌లో ఉండవు, ప్రతి రిక్వెస్ట్ సర్వర్‌లో ఆ పని చేసిపెట్టే ఒక పీహెచ్‌పీ వర్కర్‌ను పట్టుకుంటుంది. మీ హోస్టింగ్ ప్లాన్‌లో 10 వర్కర్లు ఉండి, ఒక్కో చెకౌట్‌కు అర సెకను పడితే, సెకనుకు 20 మాత్రమే తెములుతాయి. మిగిలినవి వరుసలో ఆగుతాయి, ఆగీ ఆగీ 503, 504 ఎర్రర్లు అవుతాయి. టెస్ట్‌ను చెకౌట్ మీదే మళ్లీ నడపండి, హోస్టింగ్ వాళ్లకు ముందే చెప్పి.

ఇప్పుడు స్టాక్. కొత్తవాడ జంపఖానా ఒక్కటే మిగిలిందనుకోండి. సద్దుల బతుకమ్మ ముందురోజు రాత్రి 8 గంటలకు హన్మకొండలో ఒకరు, కరీంనగర్‌లో ఒకరు ఒకేసారి కొన్నారు. మీ కోడ్ ముందు స్టాక్ చదువుతుంది, ఉంటే ఆర్డర్ తీసుకుంటుంది, తర్వాత తగ్గించి రాస్తుంది. ఇద్దరి రిక్వెస్టులూ 1 అనే చదివాయి, ఇద్దరికీ ఆర్డర్ పడింది, రెండూ 0 అనే రాశాయి. స్టాక్‌లో మైనస్ కూడా కనపడదు, అందుకే ఈ తప్పంటే నాకు మహా చిరాకు. ప్యాకింగ్ దగ్గర కూర్చున్నాకే బయటపడుతుంది. మంచి సర్వర్ కొన్నా పోదు, ఎందుకంటే చదవడానికీ రాయడానికీ మధ్య సందు అలాగే ఉంటుంది. ఆ రెండు పనులనూ ఒకే వాక్యంలో కలపాలి:

```sql
UPDATE stock SET qty = qty - 1
WHERE item_id = 42 AND qty >= 1;
```

డేటాబేస్ టేబుల్‌లో ఆ వస్తువు ఉన్న వరుసకు తాళం వేసి ఒకరి తర్వాత ఒకరిని పంపుతుంది. మారిన వరుసల సంఖ్య 1 అని వస్తేనే ఆర్డర్ రాయండి. 0 వస్తే "అయిపోయింది" అని చూపండి. ఈ సంఖ్య చూడకుండా ముందుకు పోతే పైన చేసిందంతా వృథా.

డబ్బు కట్టకముందే స్టాక్ తగ్గించాం కాబట్టి, కట్టకుండా వెళ్లిపోయినవాళ్లది తిరిగి కలపాలి. వూకామర్స్‌లో `Hold stock (minutes)` 60 అని ఉంటుంది. పండుగ రోజుల్లో నేనైతే 15 పెడతాను. గడువు దాటాక యూపీఐ డబ్బు వచ్చిపడితే ముందు స్టాక్ చూడండి, లేకుంటే వెంటనే వాపసు చేయండి.

అభ్యాసం: అసలు సైట్ మీద వద్దు, దాని నకలు మీద చేయండి, పేమెంట్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టి. ఒక వస్తువుకు స్టాక్ 5 పెట్టి, 50 మందితో ఒకేసారి కొనిపించండి:

```
k6 run --vus 50 --iterations 50 checkout.js
```

ఆర్డర్లు సరిగ్గా 5, స్టాక్ 0, మిగతా 45 మందికి "అయిపోయింది" రావాలి. వాళ్లకు 503 వస్తే అది స్టాక్ తప్పు కాదు, వర్కర్లు చాలలేదు. ఒక్కసారి సరిపోయిందని ఆగకండి. ఈ తప్పు ప్రతిసారీ దొరకదు. స్టాక్‌ను మళ్లీ 5 చేస్తూ పదిసార్లు నడపండి, ఒక్కసారి ఆరో ఆర్డర్ పడినా కోడ్ దగ్గరికి తిరిగి రండి.