రిపోర్టులో నంబర్లు: అంకెల్లో వేయాలా, అక్షరాల్లో రాయాలా?

ఒక మండలం మంచినీళ్ళ సర్వే రిపోర్టు అనుకోండి, 60 పేజీలు, ముగ్గురు పంచుకుని రాశారు, ఇప్పుడు అన్నీ ఒక ఫైల్‌లో కలిపితే ఇవి బయటపడతాయి.

సమస్య: ఒకచోట "3 బావులు", ఇంకోచోట "మూడు బావులు".

కారణం: ముందు ఏదీ అనుకోకపోవడమే.

పరిష్కారం: పది దాకా అక్షరాలు, 11 నుంచి అంకెలు అని ఫిక్స్ అయిపోండి. డబ్బు, కొలతలు, శాతాలు, తేదీలు, టేబుల్స్ మాత్రం ఎప్పుడూ అంకెలే, అంటే 5 కిలోమీటర్లు, 8 శాతం. ఒకే వాక్యంలో ఒకేరకం వాటిని లెక్కపెడుతుంటే అన్నీ అంకెల్లోనే ఉంచాలి, "3 బావులు, 14 బోర్లు" అని, లేకపోతే పోల్చి చూడ్డం కష్టం. రీప్లేస్ ఆల్ మాత్రం కొట్టొద్దు బాబోయ్, "ఒక రైతు చెప్పాడు" కాస్తా "1 రైతు చెప్పాడు" అయిపోద్ది. నాలుగైదు, పదీ పదిహేను లాంటి ఉజ్జాయింపు మాటలు కూడా అక్షరాల్లోనే బావుంటాయి.

సమస్య: "3గురు", "5గురు సభ్యులు".

కారణం: మనుషుల్ని లెక్కపెట్టే మాటని ఎవరో సగం అంకెగా మార్చారు.

పరిష్కారం: ఇద్దరు నుంచి ఏడుగురు దాకా పూర్తిగా అక్షరాలు, తర్వాత ఎనిమిది మంది, 11 మంది. వర్డ్‌లో ఫైండ్‌లో ఇది కొడితే అన్నీ దొరుకుతాయి:

```
^#గురు
```

సమస్య: వాక్యం అంకెతో మొదలైంది, చదివేవాళ్ళు తడబడుతున్నారు.

"ఇంటికి అయిన ఖర్చు రూ.450. 12 ఇళ్ళకు కుళాయి లేదు." గబగబా చదివితే నాలుగొందల యాభై రూపాయల పన్నెండు పైసలు అన్నట్టుంది కదా. స్పేస్ పడకపోతే ఇక చెప్పక్కర్లేదు, నిజంగానే 450.12.

కారణం: ఇంగ్లీషులో అయితే పెద్దక్షరం వచ్చి కొత్త వాక్యం మొదలైందని చెప్తుంది, మనకి అది లేదు, అంతా ఆ చుక్క మీదే ఆధారం, అదే చుక్క పైసలకీ వాడతాం.

పరిష్కారం: 12 అయితే "పన్నెండు ఇళ్ళకు" అని రాసేయొచ్చు, కానీ 1,147 వస్తే "వెయ్యీ నూట నలభై ఏడు ఇళ్ళకు" అని ఎవరు చదువుతారు? అంతకంటే వాక్యాన్ని తిప్పడమే నయం, తెలుగులో మాటలు ఎటైనా జరుగుతాయి కాబట్టి "ఈ వీధిలో 12 ఇళ్ళకు కుళాయి లేదు" అనో, "కుళాయి లేని ఇళ్ళు 1,147" అనో రాస్తే సరిపోతుంది. ఇలాంటివి వెతకడానికి మొదటిది పేరా మధ్యలో వచ్చేవాటికి, రెండోది పేరా మొదట్లో వచ్చేవాటికి:

```
. ^#
^p^#
```

మొదటి దానికి "రూ. 450" లాంటివి కూడా తగుల్తాయి, వాటిని వదిలేయండి. "2011 జనాభా లెక్కల ప్రకారం" అని సంవత్సరంతో మొదలైతే నేనైతే ముట్టుకోను, కానీ దాని ముందు వాక్యం అంకెతో ముగిస్తే మాత్రం "జనాభా లెక్కల (2011) ప్రకారం" అని మారుస్తాను.